మిద్దె వెనక దొడ్లో 300 మందికి వంట: ఈగలు, చీమలు, ఎలుకలు రాకుండా ఏం చేయాల?

కుందూగట్టు
అందరికీ నమస్కారం. మా అన్న కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మైదుకూరు పక్కన పల్లె, శ్రావణమాసం, ఇంకా 14 రోజులుంది. మండపం వద్దనుకొని ఇంటి దగ్గరే చేస్తున్నాం. మధ్యాహ్నం భోజనానికి 300 మంది వస్తారు. అంతా శాకాహారమే. ఓళిగలు, లడ్లు ముందురోజు సాయంత్రమే అయిపోవాల. చిత్రాన్నం, పప్పు, వంకాయ, సాంబారు ఆ రోజు పొద్దున.

మా ఇంటి తీరు చెప్తాను. ముందు బండలు పరిచిన మిద్దె. వెనక పాత మట్టి మిద్దె గది ఒకటి, సరుకులన్నీ అందులో పెట్టాలని అనుకున్నాం. దొడ్లో షామియానా వేసి పొయ్యిలు పెడతారు. దొడ్డి గోడకు ఆనుకొని పక్కింటోళ్ల బర్రెల కొట్టం, వాళ్ల పేడదిబ్బ. ఇప్పుడే ఈగలు ముసురుతున్నాయి. బండల సందుల్లోంచి ఎర్రచీమలు. మట్టి గదిలో ఎలుకలు ఉన్నట్టే ఉంది. ముందు దేన్ని పట్టుకోవాలో అర్థం కావడంలేదు.

పెద్దగరిటె
14 రోజులుందంటే మంచి మాటే. చానామంది ముందురోజు రాత్రి అడుగుతారు, అప్పుడు చేయగలిగేది తక్కువ.

మీరు మొదట పట్టుకోవాల్సింది పేడదిబ్బను. ఈగ పచ్చి పేడలో గుడ్లు పెడితే మన ఆగస్టు ఎండకు, చెమ్మకు వారం, పది రోజుల్లో రెక్కలొచ్చిన ఈగై బయటికి వస్తుంది. ఈరోజు దిబ్బ మీద పెట్టిన గుడ్లే మీ ఫంక్షన్ రోజుకు చిత్రాన్నం మీద వాలే ఈగలు. అందుకే ఈ వారం దిబ్బను తీయిస్తే మీకు లాభం. ఫంక్షన్‌కు రెండురోజుల ముందు తీయిస్తే అప్పటికే ఎగిరిన ఈగలు దిబ్బ పోయిందని మీ పొయ్యి దగ్గరికే వస్తాయి.

పక్కింటాయనతో తగువు పెట్టుకోవద్దు. ట్రాక్టరు బాడుగ మీరిచ్చి దిబ్బను చేనికి తోలిస్తే ఆయనకూ సంతోషమే. దిబ్బ ఎత్తినాక దాని అంచున మట్టిని కూడా పారతో రెండు, మూడు అంగుళాలు గీకి ఎత్తాల. పురుగు ఎదిగినాక తడిపేడలో ఉండదు, ఆరిన అంచుకు పాకి అక్కడ గూడు కట్టుకుంటుంది. మట్టిలో గోధుమగింజల మాదిరి ఎర్రటి గింజలు కనపడతాయి. అవి గింజలు కావు, రేపటి ఈగలు. వాటిని వదిలేసి పేడ ఒక్కటే తోలితే పని సగమే అయినట్టు.

ఆ తర్వాత రోజూ వచ్చే పేడను కుప్ప వేయకుండా 3, 4 రోజులకొకసారి తీయాల. లేదంటే పిడకలు కొట్టుకోమనండి, పల్చగా ఎండిన పేడలో ఈగ పెరగదు.

ఇంటిదీపం
అక్కా, అంత కష్టం ఎందుకు. ప్లాస్టిక్ కవర్లలో నీళ్లు నింపి షామియానా కింద వేలాడదీయండి, ఈగలు రావు. మా వీధిలో హోటళ్లన్నీ అట్లే కడతారు. పొద్దున్నే ఉప్పు, పసుపు కలిపిన నీళ్లతో బండలు తుడవండి. కర్పూరం వెలిగించండి. చీమలకు చుట్టూ పసుపు గీత గీస్తే చాలు.

పెద్దగరిటె
తుడవడం గురించి మీరు చెప్పింది సగం నిజం. ఈగ మెతుకు వాసనకు, తీపి జిడ్డుకు వస్తుంది. ఆ జిడ్డు పోతే ఈగ తగ్గుతుంది. కానీ జిడ్డును తీసేది ఉప్పు కాదు, సబ్బు నీళ్లు. ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరినాక కావాలంటే ఉప్పు, పసుపు నీళ్లు పెట్టుకోండి.

నీళ్ల కవర్ల మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. కవరు కింద పళ్లెంలో బెల్లంముక్క పెట్టి ఒక పావుగంట చూడండి, మీకే తెలుస్తుంది. కొన్నిసార్లు ఈగ ఆ కవరు మీదే వాలుతుంది. కర్పూరం మూసిన గదిలో కాసేపు పనిచేస్తుంది, గాలి ఆడే దొడ్లో వెలిగిస్తే పొగ ఎటో పోతుంది.

నల్లరేగడి
మాది కోవెలకుంట్ల దగ్గర. బుడ్డల మూటలు కొట్టంలో పెట్టినాము. ఎలుకలు కొరికి సగం పొట్టు చేస్తాండాయి. మందు బిళ్లలు తెచ్చి గోడల పక్కన వేసినాము. మీరు కూడా ఆ మట్టి గదిలో మందు పెట్టేయండి అక్కా, పది రోజుల్లో ఒక్కటీ ఉండదు.

గాదెగది
అన్నా, మీది నెలల తరబడి మూటలు ఉండే కొట్టం. వాళ్లడిగేది రెండు రోజులు సరుకులు పెట్టి, మూడో రోజు ఇంటి నిండా జనం కూర్చునే చోటు గురించి. ఆ రెంటికీ ఒకే మందు కుదరదు.

కొట్లలో అమ్మే బిళ్లలు ఎక్కువగా రక్తం గడ్డకట్టకుండా చేసేవి. తిన్న ఎలుక అక్కడికక్కడ చావదు. మూడురోజుల నుంచి వారం లోపల ఎక్కడో గోడ బొక్కలోనో, దూలాల పైనో చస్తుంది. మట్టిమిద్దెలో దూలాల మీద చచ్చిన ఎలుకను తీయడం ఎవరి వల్లా కాదు. సరిగ్గా ఫంక్షన్ రోజుకు కంపు మొదలవుతుంది, ఆ కంపుకు పచ్చఈగలు దిగుతాయి. ఎలుక కోసం వేసిన మందు ఈగలను పిలిచినట్టు. ఇంటి నిండా చిన్నపిల్లలు కూడా ఉంటారు. కాబట్టి కుందూగట్టు అక్కా, ఈ 14 రోజుల్లో విషం వద్దు.

మీరు "ఉన్నట్టే ఉంది" అన్నారు. ముందు ఉన్నాయో లేదో, ఎక్కడ తిరుగుతున్నాయో తెలుసుకోండి. రాత్రి పడుకునే ముందు గది లోపల గోడల పొడుగునా జానెడు వెడల్పున ముగ్గుపిండి పల్చగా చల్లండి. ఎలుక గది నడిమిన తిరగదు, మీసాలు గోడకు తగులుతుండాలని గోడ పక్కనే పోతుంది. పొద్దున ముగ్గు మీద అడుగులు, మధ్యలో తోక గీత కనపడతాయి. అదే రాత్రి గోడ బొక్కలన్నిట్లో పాత పేపరు ఉండలు చేసి దూర్చండి. తెల్లారి ఏ ఉండ బయటికి తోసి ఉంటే ఆ బొక్క వాడుకలో ఉన్నట్టు. మిగతావి పాతవి.

అనంత_లత
పేడదిబ్బ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మాకే రెండు బర్రెలు ఉన్నాయి, అమ్మేదానికి లేదు, తోలేదానికి చేను లేదు. దిబ్బ మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోదా?

పెద్దగరిటె
చాలదమ్మా. బ్లీచింగ్ పైపైన వాసన తగ్గిస్తుంది, పేడలోకి దిగదు, లోపలి పురుగు లోపలే ఉంటుంది. మీకు స్థలం లేకపోతే మందం టార్పాలిన్‌తో దిబ్బను నాలుగువైపులా కిందికంటా కప్పి, అంచుల మీద మట్టి వేసి బిగించండి. ఎండకు లోపల వేడెక్కి పురుగులు చస్తాయి, కొత్తగా గుడ్లు పెట్టేదానికి ఈగకు దారి ఉండదు. ఒక మూల లేచి ఉన్నా ఫలితం ఉండదు. వారం రోజులు అట్లే కప్పి ఉంచాల. బ్లీచింగ్‌ను కాలువ దగ్గర వాడుకోండి, అయితే యాసిడ్ పోసినచోట చల్లొద్దు. ఆ రెండూ కలిస్తే వచ్చే గాలి గొంతు, కళ్లు మండిస్తుంది.

కుందూగట్టు
పక్కింటాయన ఒప్పుకున్నాడు, రేపు ట్రాక్టరు వస్తుంది. గాదెగది గారూ, మీరు చెప్పినట్టు ముగ్గుపిండి చల్లినాం. పొద్దున చూస్తే తూర్పు గోడ పొడుగునా అడుగులు. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయినాయి. పేపరు ఉండలు 7 పెట్టినాం, రెండు బయటికి తోసి ఉన్నాయి. ఒకటి దూలం కింద, ఇంకోటి గోడ అడుగున. తలుపు కింద కూడా సందు ఉంది, బొటనవేలు దూరేంత.

గాదెగది
చాలా బాగా చూసినారు. పెన్సిలు దూరే సందులో చుంచు దూరుతుంది. బొటనవేలు దూరితే ఎలుక దూరుతుంది. మీ తలుపే వాటికి పెద్ద దారి. తలుపు అడుగున లోపలివైపు రేకు పట్టీ కొట్టించండి, నేలకు పావు అంగుళం కూడా సందు ఉండకూడదు. రబ్బరు పట్టీ వద్దు, ఒక్క రాత్రిలో కొరుకుతుంది.

రెండు బొక్కలను ఒట్టి మట్టితో పూడిస్తే తెల్లారే లోపల తవ్వుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును ఉండ చేసి బొక్క లోపలికి గట్టిగా కూరి, దానిమీద సిమెంటు వేయండి. పీచు పళ్లకు గుచ్చుకొని కొరకలేదు. ఇది పగటిపూట చేయండి, సిమెంటు ఆరేదానికి ఒక రాత్రి పడుతుంది.

అయినా మట్టిగోడ మట్టిగోడే, పక్కన కొత్త బొక్క తవ్వే అవకాశం ఉంది. నా మాట వింటే బియ్యం, బేడలు, బెల్లం ఆ గదిలో పెట్టొద్దు. ఆ గదిలో విస్తరాకులు, పాత్రలు, కుర్చీలు పెట్టుకోండి. సరుకులు బండల మిద్దెలోకి తెచ్చుకోండి. మూటలను గోడకు జానెడు దూరంగా, కింద ఇటుకలు పెట్టి, వాటిమీద పలక వేసి పేర్చండి. గోడకు, నేలకు ఆనకపోతే ఎలుక పోయినా పెంటికలు మీ కంటికి కనపడతాయి. బెల్లం, నెయ్యి, పుట్నాలు మాత్రం మూత గట్టిగా పట్టే స్టీలు డ్రమ్ముల్లోనే.

బోనులు పెడతామంటే ఒక మాట. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి మూడు రాత్రులు బోను తలుపు బిగించకుండా తెరిచే ఉంచి, లోపల వేయించిన చెనిక్కాయలు పెట్టండి, తిని పోనివ్వండి. నాలుగోరాత్రి బిగించండి. మొదటి రాత్రే బిగించినవాళ్లకే "బోనులో ఒక్కటీ పడలేదు" అనే మాట వస్తుంది.

బండలమిద్దె
చీమల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మన బేతంచర్ల బండలైనా, కడప బండలైనా సందులు పాత సిమెంటుతో ఉంటాయి, అది రాలి కింద ఇసుక ఉంటుంది. ఎర్రచీమ ఆ ఇసుకలోనే పుట్ట పెడుతుంది. పైన మీరెంత తుడిచినా కింద పుట్ట అట్లే ఉంటుంది. పుట్ట తగ్గాలంటే చీమల చేతనే లోపలికి మందు మోయించాల. దానికి పది రోజులు కావాల. మీకు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.

మందులషాపులో బోరిక్ పౌడర్ అడగండి. 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను, అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల చక్కెరతో కలిపి బాగా కరగనివ్వండి. దూది ఉండలను అందులో ముంచి సీసామూతల్లో పెట్టి, చీమలు వచ్చే సందుల పక్కన పెట్టండి. చేయి ఎక్కువైతే బాగా పనిచేస్తుందనుకొని రెండు, మూడు స్పూన్లు వేస్తారు. అదే తప్పు. మందు గట్టిదైతే తిన్న చీమ దారిలోనే చస్తుంది, పుట్టకు తీసుకుపోదు.

మొదటి రెండురోజులు చీమలు ఇంకా ఎక్కువై కనపడతాయి. భయపడి స్ప్రే కొట్టొద్దు, చీమల చాక్‌పీసు గీయొద్దు. దూది ఆరితే తడి చేయండి. నాలుగైదు రోజులకు బారు పల్చబడుతుంది.

కుందూగట్టు
ఇంట్లో పిల్లలు, పక్కన దూడ ఉన్నాయి. ప్రమాదం కాదా?

బండలమిద్దె
తింటే ప్రమాదమే, అందుకే మూతలను ఊరికే నేలమీద పెట్టొద్దు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు అడుగు పక్కన అగ్గిపుల్ల దూరేంత రంధ్రాలు నాలుగు చేసి, దూదిని లోపల పెట్టి, డబ్బా మీద రాయి పెట్టండి. చీమ దూరుతుంది, పిల్ల చెయ్యి దూరదు. వంటలు మొదలుపెట్టే రోజుకు ముందే డబ్బాలన్నీ లెక్కపెట్టి తీసేయండి. ఎన్ని పెట్టినారో రాసుకోండి.

ఇంకోటి. అన్ని చీమలూ తీపికి రావు. ఒక కాగితం మీద బెల్లంపాకం చుక్క ఒకవైపు, వేయించిన చెనిక్కాయల పొడి చిటికెడు ఇంకోవైపు పెట్టి అరగంట చూడండి. నూనె సరుకుకే చేరితే చక్కెరనీళ్లకు బదులు చెనిక్కాయల పొడిలో బోరిక్ చిటికెడు కలిపి పెట్టండి.

ఇంటిదీపం
మరి పసుపు గీత? మా అత్తగారి కాలం నుంచి గీస్తున్నాం, చీమలు దాటవు.

బండలమిద్దె
దాటవు, గీత చెదరకుండా ఉన్నంతసేపు. పొడిపసుపు మీద చీమ నడవడానికి ఇష్టపడదు. కానీ 300 మందికి వంటచేసే చోట ఒకరు తొక్కుతారు, ఒకచోట నీళ్లు పడతాయి, గీత తెగుతుంది. తెగినచోటే దారి పడుతుంది. ఇంట్లో ఒక డబ్బా చుట్టూ అయితే మీ పసుపు బాగుంది.

లడ్లు, ఓళిగలు పెట్టే బల్లకు నీళ్లగిన్నెలే మేలు. బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు, రెండంగుళాల నీళ్లు, ఒక్కొక్కదాంట్లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు. సబ్బు వేయకపోతే నీళ్లమీద దుమ్ము, నూనె పొర కడుతుంది, చీమ దానిమీద నడిచి దాటుతుంది. సబ్బు ఉంటే మునుగుతుంది. గిన్నె మధ్యలో చిన్నరాయి పెట్టి దానిమీద కాలు నిలబెట్టండి, కాలు గిన్నె అంచుకు ఆనకూడదు.

ఇదంతా చేసి కూడా చీమలు ఎక్కినాయంటే మూడు చోట్ల చూడండి: బల్ల గోడకు ఆనిందా, మీద పరచిన గుడ్డ నేలకు వేలాడుతోందా, షామియానా తాడు తగిలిందా. ఎక్కువసార్లు గుడ్డే.

పెద్దగరిటె
దీనికి నాదొక మాట. బేసిన్లు బల్ల మీద పెట్టేముందు బయటివైపు, అడుగు తడిగుడ్డతో తుడవండి. పాకం ఒక చుక్క అడుగున కారి ఉంటే చీమకు అదే చాలు. లడ్లు వేడిగా ఉన్నప్పుడు మూత పెట్టొద్దు, ఆవిరికి చెమర్చి మెత్తబడతాయి. అప్పటిదాకా దోమతెర గుడ్డ. బాగా చల్లారినాక మూత. దోమతెర ఈగను ఆపుతుంది, చిన్నచీమను ఆపదు. అందుకే నీళ్లగిన్నెలు ఉండాల్సిందే.

కుందూగట్టు
పెద్దగరిటె గారూ, వంట రోజు ఈగల సంగతి చెప్పండి. దిబ్బ పోయింది, అయినా కొన్ని ఉండనే ఉన్నాయి.

పెద్దగరిటె
ఊళ్లో వేరే దిబ్బలు ఉంటాయి కదా, ఈగ కిలోమీటరు దూరం నుంచైనా వస్తుంది. సున్నా చేయలేం. వాలే చోటు ఇవ్వకుండా చేయగలం.

ఉడికే పాత్ర మీదికి ఈగ రాదు, వేడి. ఈగ వాలేది మూడు సందర్భాల్లో. కూరగాయలు తరిగి పెట్టినప్పుడు, అన్నం ఆరబోసినప్పుడు, వడ్డించే గిన్నె మూత తీసి పెట్టినప్పుడు. వీటిల్లో అన్నం ఆరబోయడమే పెద్ద గండం. 300 మందికి చిత్రాన్నం చేస్తే బియ్యం 15 కేజీలైనా ఉంటుంది. వంటవాళ్లు దాన్ని షామియానా కింద గుడ్డ మీద పరిచి తిరగమోత పెట్టుకోవడానికి పోతారు. ఆ ముప్పావుగంట ఈగలకు పండగే.

అన్నాన్ని దొడ్లో ఆరబోయొద్దు. బండల మిద్దెలో ఒక గదిని రెండురోజుల ముందే ఖాళీ చేసి, సబ్బు నీళ్లతో కడిగి, కిటికీలకు దోమతెర కొట్టించండి. తలుపుకు దోమతెర పరదా, కింద బరువు కట్టి. ఆరబోసినాక లైటు తీసేయండి. ఈగ చీకటి గదిలోకి పోదు, వెలుతురు వైపే పోతుంది. లోపల ఒకటీ అరా ఉన్నా పరదా సందులో వెలుతురు చూసి బయటికే వస్తుంది. ఫ్యాను ఉంటే తొందరగా ఆరుతుంది. అయిపోయిన వంటలన్నీ ఆ గదిలోనే పెట్టి, వడ్డనకు ఒక్కొక్క గిన్నె తెచ్చుకోవాల. ఆ గదికి ఒక మనిషిని పెట్టండి. పరదాను తీసి వదిలేయడం, పిల్లలు వచ్చి లైటు వేయడం, ఈ రెంటితోనే అంతా పాడవుతుంది.

వేడి సాంబారు, పప్పు తెరిచి ఉంచొద్దు. మూతను అర అంగుళం పక్కకు జరిపి ఆవిరి పోనివ్వాలని అనుకుంటారు, ఆ సందులోకే ఈగ దూరుతుంది. మూతకు బదులు దోమతెర గుడ్డను పాత్ర అంచుకు తాడుతో బిగించి, మరగడం ఆగినాక మూత వేయండి.

గాదెగది
బాడుగ పాత్రల గురించి కూడా చెప్పాల. అవి గోడౌన్‌లో బోర్లించి ఉంటాయి, వాటిమీద ఎలుక తిరిగి ఉంటుంది. ఎలుక మూత్రం కంటికి కనపడదు, జబ్బు తెచ్చేది అదే. ముందురోజే దింపించుకొని సబ్బు, వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించాల. కడగకుండా బియ్యం పోయొద్దు. విస్తరాకుల కట్టల్లో కూడా చూడండి, ఎలుక కొరికిన కట్టను తీసి పక్కన పెట్టేయండి.

అనంత_లత
వడ్డన దగ్గర ఫ్యాన్లు పెడితే ఈగలు రావంటారు, నిజమేనా?

పెద్దగరిటె
నిజమే. ఈగ చిన్నది, గాలికి ఎదురు నిలవలేదు. వడ్డించే బల్ల పొడుగునా గాలి పోయేలా స్టాండు ఫ్యాను ఒక చివర పెట్టండి. గిన్నె పైన చేయిపెడితే గాలి తెలియాల. కానీ ఫ్యానును పొయ్యివైపు తిప్పొద్దు, మంట ఆరి గ్యాసు ఊరికే పోతుంది.

బండలమిద్దె
నేను దీనికి ఒప్పుకోను. మన దొడ్లలో నేల మట్టి. ఫ్యాను పెడితే ఈగ పోతుందేమో, దుమ్ము అంతా అన్నంలో పడుతుంది. బండలు పరిచిన ముంగిలి అయితే ఫ్యాను మంచిది. మట్టినేల అయితే ముందు నీళ్లు చల్లి అదిమి, మీద పట్టా పరచాల. లేదంటే మనిషిని పెట్టి విసనకర్రతో విసరాల.

పెద్దగరిటె
పట్టా పరిస్తే సరిపోతుంది. నీళ్లు మరీ చల్లితే బురదై ఈగకు అదే చోటు. ఫ్యాను ఎత్తు నడుముకు పైన ఉండాల, కిందికి వంచకూడదు. మీ మాటను కొట్టేయను, గాలి ఉన్న రోజు నేనే ఫ్యాను తీయించేవాణ్ని.

ఇంటిదీపం
వేపాకు పొగ వేయమంటారా? అది నేను చూసినదే, పనిచేసింది.

పెద్దగరిటె
పొగ ఉన్నంతసేపు ఈగ దూరం పోతుంది, పొగ మన కళ్లల్లోకి కూడా వస్తుంది. ఎంగిలాకులు వేసేచోట వేసుకోండి. వడ్డన దగ్గర వద్దు.

ఎంగిలాకుల మాట వచ్చింది, ఇది అందరూ ఆఖరున తలుచుకుంటారు. మొదటి బంతి లేవగానే ఆకులు ఎత్తి మూత ఉన్న డ్రమ్ములో వేయాల, రెండో బంతి కూర్చునే ముందే. రెండు డ్రమ్ములు ఉండాల, ఒకటి నిండితే రెండోది. డ్రమ్ములను గాలికి కిందివైపు, వంటకు 30 అడుగులైనా దూరంలో పెట్టండి. జిగురు కాగితాలు తెచ్చుకుంటే ఆ డ్రమ్ముల పక్కన వేలాడదీయండి. వంట మీద వేలాడదీస్తే అంటుకున్న ఈగ తెగి కింద గిన్నెలో పడుతుంది.

చేతులు కడిగే చోట మెతుకులతో నీళ్లు నిలుస్తాయి. అక్కడ కంకర పోసి, మెతుకులు పట్టేదానికి ఒక జల్లెడ పెట్టండి, బంతి బంతికి దులపండి. సాయంత్రం చీకటి పడే లోపల ఆకులన్నీ అడుగు లోతు గుంటలో వేసి, పైన జానెడు మట్టి అదిమి కప్పండి. "రేపు చూద్దాంలే" అని రాత్రి వదిలేస్తే ఎలుకలు, కుక్కలు లాగి దొడ్డంతా చల్లుతాయి.

నల్లరేగడి
గాదెగది అక్కా, మా కొట్టంలో కూడా మందు తీసేయమంటావా?

గాదెగది
మీ కొట్టంలో జనం తినరు, పిల్లలు రారు అంటే మందు పెట్టే పద్ధతి వేరు. మూత ఉన్న పెట్టెల్లో పెట్టాల, బుడ్డల మూటలకు తగలకూడదు, చచ్చినవాటిని రోజూ వెతికి పూడ్చాల. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి అన్నా, రాస్తాను. ఇప్పుడైతే మూటలను గోడకు జానెడు దూరం జరపండి.

కుందూగట్టు
ఒకటి మిగిలింది. పురుగుల మందు కొట్టే మనిషిని మా వదిన మాట్లాడింది. ఫంక్షన్ పొద్దున 5 గంటలకు వచ్చి దొడ్డంతా స్ప్రే కొడతానంటున్నాడు. రమ్మందామా?

గాదెగది
ఆ పొద్దున వద్దు. మందు గాలిలో తేలి పాత్రల మీద, తరిగిన కూరల మీద పడుతుంది. సగం చచ్చిన ఈగలు తిరుగుతూ తిరుగుతూ గిన్నెల్లో పడతాయి. వస్తానంటే మూడురోజుల ముందు సాయంత్రం రమ్మనండి. కొట్టం బయటి గోడ, కాలువ అంచు, చెత్తవేసే చోటు, అంతవరకే. బాడుగ పాత్రలు రాకముందు కావాల. ఏ మందు తెస్తున్నాడో డబ్బా చూపించమనండి. డైక్లోర్వాస్ అని ఉంటే పంపించేయండి, దాన్ని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించినారు, అయినా కొందరి దగ్గర పాత డబ్బాలు ఉంటాయి. దొడ్డి లోపల, వంటచోటు, ఆ చీకటి గది, ఇవి అతనికి అప్పగించొద్దు. బోరిక్ డబ్బాలు పెట్టిన బండల మీద కూడా కొట్టనివ్వద్దు, చీమలు ఆ దారి వదిలేస్తాయి.

కుందూగట్టు
సరే, వదినతో చెప్తాను. తలుపు కింద రేకు ఈరోజు కొట్టించినాం. బోను రెండో రాత్రి, చెనిక్కాయలు తిని పోయింది. కాగితం మీద అరగంట చూసినాం, చీమలన్నీ పాకం చుక్కకే చేరినాయి, కాబట్టి చక్కెరనీళ్లే పెట్టినాం, డబ్బాలు 6. చీకటి గదికి దోమతెర కొలతలు తీసుకుంటున్నాం. ఫ్యానా, విసనకర్రా అనేది ఆ రోజు గాలిని చూసి తేల్చుకుంటాం.

బండలమిద్దె
డబ్బాలు 6 అని గోడ మీద బొగ్గుతో రాసిపెట్టండి. తీసేటప్పుడు 5 దొరికితే ఆరోది దొరికేదాకా వంట మొదలుపెట్టొద్దు.